లినెన్ అంచుకు జాలీ కుట్టు: పోగు తెగితే, కట్ట వంకరపోతే ఏం చేయాలి

లినెన్ గుడ్డలో కొన్ని పోగులు లాగేసి, మిగిలిన పోగుల్ని నాలుగేసి చొప్పున కట్టలు కట్టుకుంటూ అంచు మడతను కుట్టేస్తే కిటికీ ఊచల్లాంటి వరస వస్తుంది. ఫ్రెంచి వాళ్లు ఈ పనిని 'జూర్' అంటారు, ఆ మాటకు అర్థం పగలు. లక్నో చికన్ పనిలోని జాలీతో దీన్ని కలపకండి. అక్కడ పోగుల్ని తీయరు, సూదితో పక్కకు జరిపి కుట్టుతో బిగిస్తారు. ఇక్కడ పోగును నిజంగానే తీసేస్తాం, అందుకే పొరపాట్లు కూడా వేరుగా ఉంటాయి.

చెప్పేదంతా ఒక్క గుడ్డ మీదే చెబుతాను: కుట్టడం పూర్తయ్యాక 40 సెంటీమీటర్లుండే చదరపు భోజన రుమాలు. లినెన్ సెంటీమీటరుకు 11 పోగులది. అంచు మడత వెడల్పు ఒకటిన్నర సెంటీమీటరు, లోపలికి వెళ్లే మడత 7 మిల్లీమీటర్లు. అంటే కత్తిరించిన కొస నుంచి 3.7 సెంటీమీటర్ల దగ్గర మొదటి పోగు లాగాలి. ఒక్కో వైపు లాగేది నాలుగు పోగులే. గుడ్డను కత్తిరించే ముందే ఉతికి ఇస్త్రీ చేసుకోండి. లినెన్ మొదటి ఉతుకులో కుదించుకుంటుంది, జాలీ వేశాక కుదించుకుంటే కట్టల వరస అలలు తిరుగుతుంది.

పోగు లాగుతుంటే మధ్యలో తెగిపోతోంది

అందరూ ముందు గుడ్డను తిట్టుకుంటారు. నిజానికి లాగే తీరులోనే తప్పుంటుంది. మన రుమాలుకు పక్క మధ్యలో పోగు కోసి మూలవైపు లాగితే, ఆ సగం పోగు దాదాపు 200 నిలువు పోగుల కింద నుంచి, పై నుంచి దూరి ఉంటుంది. ప్రతి దాటులోనూ కాస్త రాపిడి. కొస పట్టుకుని ఒక్కసారిగా లాగితే ఆ 200 రాపిడులూ ఒకే చోట పడతాయి. లినెన్ పోగు ఒకే మందంగా ఉండదు. అక్కడక్కడ ఉబ్బు, అక్కడక్కడ సన్నబడిన చోటు. తెగేది ఆ సన్నని చోటే.

ఎలా లాగాలంటే: మొద్దు మొన ఉన్న సూదితో (టేపెస్ట్రీ సూది అని అడిగితే ఇస్తారు, 24 లేదా 26 నంబరు) పక్క మధ్యలో ఒక్క పోగును పైకెత్తండి. ఎత్తాకే కోయండి. కోసిన చోటు నుంచి రెండు మూడు సెంటీమీటర్లు సూదితోనే ఒక్కో దాటు విప్పి తోకను వెనక్కి మడవండి. తర్వాత కొసను లాగకుండా, 5 సెంటీమీటర్లు ముందుకెళ్లి అదే పోగు కింద సూది పెట్టి చిన్న ఉచ్చులా ఎత్తండి. ఉచ్చులోకి వదులు వస్తుంది, వెనక మిగిలింది సులువుగా జారి బయటికొస్తుంది. మళ్లీ 5 సెంటీమీటర్లు. ఇలా మూలదాకా. మొదటి పోగు మొండికేస్తుంది. అది బయటికొచ్చాక పక్క పోగులకు చోటు దొరుకుతుంది, రెండోది సగం సమయంలోనే వచ్చేస్తుంది. మొదటిదానితో మరీ ఇబ్బందిగా ఉంటే ఆ గీత వెంట పొడి సబ్బు ముక్క తేలిగ్గా రుద్దండి, పోగు జారుతుంది. పని పూర్తయ్యాక ఉతికితే సబ్బు పోతుంది.

అయినా తెగితే కంగారు పడకండి. గుడ్డను కిటికీకి ఎదురుగా పట్టుకుంటే పోగు పోయిన మేర సన్నటి వెలుతురు గీత కనబడుతుంది. గీత ఆగిన చోట పోగు తెగిన కొస దాక్కుని ఉంటుంది. అక్కడి నుంచి అర సెంటీమీటరు ముందుకెళ్లి సూదితో ఎత్తి పట్టుకోండి. ఆ గీతలోనే ఉన్నారో లేదో వెలుతురులో మరోసారి చూసి అప్పుడే లాగండి. పక్క పోగు పట్టుకున్నారంటే గీత మెట్టు దిగినట్టు పక్కకు జరుగుతుంది, అంచు మొత్తం వంకరే.

తీయకూడని పోగు కోసేశాను

పోగును ఎత్తకుండా కత్తెర మొన గుడ్డలోకి దూర్చినప్పుడే ఎక్కువగా ఇది జరుగుతుంది. జాలీలో నిలబడాల్సిన నిలువు పోగు తెగిందంటే గుండె జారుతుంది, కానీ బాగుచేయొచ్చు. అదే గుడ్డ మిగులు ముక్క నుంచి అదే దిశలో ఒక పోగు తీయండి. తెగింది పడుగు అయితే పడుగు పోగు, పేక అయితే పేక పోగు. ఈ రెండింటి మందం చాలా లినెన్లలో ఒకటి కాదు. తెగిన పోగును రెండు వైపులా మూడేసి సెంటీమీటర్లు విప్పి, కొత్త పోగును సూదికి ఎక్కించి అది నడిచిన దారిలోనే, పైన ఒకటి కింద ఒకటిగా నేయండి. చివరి సెంటీమీటరులో కొత్త పోగు, పాత పోగు రెండూ పక్కపక్కనే నడవాలి. కొసల్ని అప్పుడే కత్తిరించకండి. మొదటి ఉతుకులో సర్దుకున్నాక కత్తిరిస్తే, తెలిసినవాళ్లు తప్ప ఎవరూ పట్టుకోలేరు.

కట్టలు ఒకటి లావు, ఒకటి సన్నం

వరస అందంగా వస్తుందా రాదా అన్నది తేలేది ఇక్కడే. మా వీధిలో కుట్టు నేర్చుకుంటున్న అమ్మాయి ఒక రుమాలు పట్టుకొచ్చి, "అక్కా, మూడు వైపులా బాగానే వచ్చింది, నాలుగో వైపు చివర చూడు, పళ్లు ఊడినట్టుంది" అంది. భూతద్దం పెట్టి లెక్కపెట్టాం. నాలుగేసి పోగులు తీస్తున్నాననుకుంది కానీ, వరసలో మూడుది ఒకటి, అయిదుది ఒకటి వచ్చాయి. మూలకొచ్చేసరికి రెండే పోగులు మిగిలాయి.

రెండు తప్పులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మొదటిది లెక్కపెట్టే సమయం. కుడుతూ లెక్కపెట్టింది. అడ్డపోగులు పోయాక నిలువు పోగులు వదులై ఒకదాని కిందికి ఒకటి జారతాయి, ఉబ్బున్న పోగు రెండుగా కనబడుతుంది. అనుమానం వస్తే సూది మొనతో పక్కకు నెట్టండి. నిజంగా రెండయితే విడిపోతాయి, ఒకటైతే కలిసే కదులుతుంది. రెండోది సూది. మొనదేలిన సూది పోగును చీలుస్తుంది, సగం ఈ కట్టలోకి, సగం పక్క కట్టలోకి వెళుతుంది. మొద్దు సూది వాడితే ఈ రెండో తప్పు పోతుంది.

మొదటిదానికి మందు ఒకటే: పోగు కోయకముందే లెక్క తేలాలి. మన రుమాలు సంగతే చూడండి. ఎదురెదురు జాలీల బయటి గీతల మధ్య దూరం 37 సెంటీమీటర్లు, అంటే సుమారు 407 పోగులు. రెండు మూలల దగ్గర అడ్డ జాలీల కోసం నాలుగేసి పోగులు పోతాయి కాబట్టి కట్టలు కట్టడానికి మిగిలేవి 399. నాలుగుతో భాగిస్తే 99 కట్టలు, మూడు పోగులు మిగులు. ఒక పక్క జాలీ గీతను ఒక్క పోగు బయటికి జరపండి. 400 పోగులు, సరిగ్గా 100 కట్టలు. ఒక్క పోగంటే మిల్లీమీటరు కూడా కాదు, అంచు వెడల్పులో కంటికి ఆనదు. మీ గుడ్డలో లెక్క కాస్త అటూ ఇటూ వస్తుంది, అందుకే కొలతను నమ్మకుండా పోగులే లెక్కపెట్టండి. ప్రతి 20 పోగులకూ ఒకసారి రంగు దారంతో కచ్చా కుట్టు గుర్తు వేసుకుంటే, కుట్టేటప్పుడు అయిదు కట్టలకు గుర్తు తగలాలి. తగలకపోతే తప్పు ఆ అయిదింటిలోనే ఉంది, విప్పేది అంతవరకే.

ఆ అమ్మాయి రుమాలులా అప్పటికే పోగులు లాగేసి ఉంటే, మిగిలిన రెండు పోగుల్ని మూలలో కుక్కకండి. మూల నుంచి వెనక్కి పక్క మధ్య దాకా విప్పి, మూలకు దూరంగా వేర్వేరు చోట్ల రెండు కట్టలకు అయిదేసి పోగులు ఇవ్వండి. మూల దగ్గర చూపు ఆగుతుంది, పక్క మధ్యలో ఆగదు.

చొక్కాల కోసం అమ్మే లినెన్ తెచ్చుకుంటే ఇంకో సంగతి. దానిలో పడుగు, పేక లెక్కలు సమానంగా ఉండకపోవచ్చు. 5 సెంటీమీటర్లలో రెండు దిశల్లోనూ లెక్కపెట్టి చూడండి. తేడా ఉంటే పక్కపక్క వైపుల కట్టల సంఖ్య వేరుగానే వస్తుంది. అది తప్పు కాదు.

లెక్క సరిగానే ఉంది, అయినా కట్టలు వదులు

చెయ్యి లాగే దిక్కు చూసుకోండి. నేను గుడ్డ లోపలి వైపు నుంచి, అంచు మడత నావైపు పెట్టుకుని, ఎడమ నుంచి కుడికి కుడతాను. సూది కుడి నుంచి ఎడమకు నాలుగు పోగుల వెనక నుంచి వస్తుంది. ఇక్కడ ఆగి, దారాన్ని జాలీ గీత వెంటే కుడివైపుకు లాగాలి. నాలుగు పోగులూ ఒక్కసారి దగ్గరికొచ్చి నడుము పట్టినట్టు బిగుస్తాయి. ఆ బిగువును ఎడమ బొటనవేలితో నొక్కి పట్టి, అప్పుడు అదే కట్టకు కుడి పక్కన, అంచు మడతలో రెండు పోగుల కిందికి సూది తీయాలి. ఈ రెండో లాగుడు తేలిగ్గా ఉండాలి, కుట్టు కూర్చుంటే చాలు.

చాలామంది రెండు లాగుళ్లూ తమవైపే లాగుతారు. కట్ట బిగుసుకోదు సరికదా కిందికి ఒరుగుతుంది, అంచు చిన్న చిన్న అలలుగా ముడుచుకుంటుంది. కట్ట పక్కన మడత గుంటపడిందంటే కారణం ఇదే. అలాంటప్పుడు విప్పి మళ్లీ కుట్టడమే మేలు, ఇస్త్రీతో పోదు. దారం గుడ్డ పోగు మందంలోనే ఉండాలి. మరీ లావైతే కట్టల మధ్య కిటికీలు మూసుకుపోతాయి.

మూల దగ్గర చిరుగు

రెండు జాలీలు కలిసే చోట పోగులే ఉండవు, నాలుగు పోగులంత చదరం ఖాళీ. లాగిన పోగుల తోకల్ని ఆ ఖాళీ అంచునే కత్తిరిస్తే నాలుగు ఉతుకుల్లో విచ్చుకుంటుంది. తోకను అంచు మడత వైపు తిప్పి ఒకటిన్నర సెంటీమీటరు గుడ్డలో నేసి, తర్వాతే కత్తిరించండి. పైన మడత కప్పేస్తుంది. ఖాళీకి బయటివైపు రెండు అంచులకూ దగ్గర దగ్గరగా కాజా కుట్టు వేయండి. ఇప్పటికే విచ్చుకున్న మూలకు కూడా ఇదే చికిత్స, కాకపోతే కాజా కుట్టు ఒక పోగు లోపలి నుంచి, గట్టి గుడ్డను పట్టుకుని మొదలెట్టాలి.

చివరగా రుమాలును తడిపి, మందపాటి తువ్వాలు మీద కుట్టు కిందికి వచ్చేలా బోర్లా పరిచి, కట్టల్ని వేలితో నిటారుగా సర్ది, తడి ఆరకముందే ఇస్త్రీ చేయండి. ఇస్త్రీ పెట్టెను జాలీ మీద జరపకుండా ఎత్తి ఎత్తి అద్దండి, జరిపితే దాని కొస కట్టలకు తగులుకుంటుంది.