ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతోంది, పొగ మాత్రం పోవట్లేదు

వంటింట్లో ఎండుమిర్చి తాలింపు పెడితే హాల్లో కూర్చున్నవాళ్లు దగ్గుతున్నారు. ఫ్యాన్ గిర్రున తిరుగుతూనే ఉంది. ఈ ఫిర్యాదుతో పిలిచినవాళ్లలో ఎక్కువమంది ముందే ఒక నిర్ణయానికి వచ్చేసి ఉంటారు: "ఫ్యాన్‌కి పవర్ చాలట్లేదండీ, ఇంకాస్త పెద్దది పెట్టండి." నేను ఫ్యాన్ మార్చాల్సి వచ్చిన ఇళ్లు తక్కువ. లోపం గోడలో కన్నం దగ్గరో, వెనక పైపు దగ్గరో ఉంటుంది. అందుకే ఫ్యాన్‌ను చివరగా చూస్తాను.

సమస్య: ఫ్యాన్ తిరిగినా పొగ, వాసన ఇంట్లోనే ఉంటున్నాయి

విజయవాడలో ఒక ఫ్లాట్ సంగతి చెబుతాను. వంటగది పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, తొమ్మిదిన్నర అడుగుల ఎత్తు. అంటే సుమారు 21 ఘనమీటర్ల గాలి. వంటింట్లో గాలి గంటకు 15 నుంచి 20 సార్లు మారేలా చూసుకుంటే సరిపోతుంది కాబట్టి గంటకు 320 నుంచి 430 ఘనమీటర్లు లాగే ఫ్యాన్ కావాలి. వాళ్లది ఎనిమిదంగుళాల ఫ్యాన్, డబ్బా మీద అంకె ఈ లెక్కకు సరిపోతూనే ఉంది.

ఆ వంటగదికి బయటి గోడ లేదు. గోడకు అవతల నాలుగడుగుల యుటిలిటీ, దానికి గ్రిల్లు, ఆ తర్వాతే బయట. ఫ్యాన్ బిగించిన మనిషి దాని వెనక ప్లాస్టిక్ గరాటు లాంటిది అతికించి, చిమ్నీలకు వాడే నాలుగంగుళాల ముడతల గొట్టం తగిలించాడు. ఆ గొట్టం వాషింగ్ మెషీన్ పైనుంచి రెండు వంపులు తిరిగి తొమ్మిదడుగుల దూరం పోయి, గ్రిల్లు మూలన తేలింది.

ఇక్కడే అసలు తప్పు. ఎనిమిదంగుళాల దారిని నాలుగంగుళాలకు కుదిస్తే దారి సగమైందని అనుకుంటాం. కాదు, పావు వంతే మిగులుతుంది. ఎనిమిదంగుళాల వృత్తం వైశాల్యం దాదాపు 50 చదరపు అంగుళాలు, నాలుగంగుళాలది పన్నెండున్నర. పైగా రెక్కల ఎగ్జాస్ట్ ఫ్యాన్ గాలిని ఎక్కువ మొత్తంలో కదిలించగలదు కానీ, బలంగా తోయలేదు. ఎదురుగా అడ్డు పెరిగితే అక్కడక్కడే సుడి తిప్పుతుంది. డబ్బా మీద అంకె గొట్టం లేకుండా కొలిచింది. చిమ్నీలో ఉండే బ్లోయర్ వేరు, అది గొట్టంలోకి తోయడానికే తయారైంది.

ఇలాంటిదే మీ ఇంట్లో ఉందేమో చూడటానికి రెండు చిన్న పరీక్షలు చాలు. టిష్యూ కాగితాన్ని రెండు వేళ్ల వెడల్పు చింపి, ఫ్యాన్ జాలీకి జానెడు దూరంలో పట్టుకోండి. అది జాలీ వైపు గట్టిగా లాగబడాలి. ఊగుతూ ఉండిపోతే దారి ఎక్కడో మూసుకుంది. ఇప్పుడు వంటింటి తలుపో, ఎదురుగా ఉన్న కిటికీయో జానెడు తెరిచి మళ్లీ చూడండి. కాగితం ఒక్కసారిగా లాక్కుంటే ఫ్యాన్, పైపు బాగానే ఉన్నట్టు. లోపలికి గాలి రావట్లేదంతే. వచ్చే గాలి లేకపోతే పోయే గాలీ ఉండదు. ఆ తెరిచే కిటికీ ఫ్యాన్ పక్కనే ఉంటే లాభం లేదు, బయటి గాలే నేరుగా ఫ్యాన్‌లోకి పోతుంది, పొయ్యి మీద పొగ అలాగే ఉంటుంది. దూరంగా, వీలైతే పొయ్యికి అవతలి వైపు తెరవాలి.

రెండో పరీక్షకు అగరబత్తి వెలిగించి ఫ్యాన్ చట్రం చుట్టూ, ఆ తర్వాత గొట్టం అతుకుల వెంట నెమ్మదిగా తిప్పండి. చట్రం అంచున పొగ మీ ముఖం వైపు వచ్చి మళ్లీ ఫ్యాన్‌లోకి తిరుగుతోందంటే, గోడకూ చట్రానికీ మధ్య సందు ఉంది. బయటికి తోసిన గాలే ఆ సందులోంచి వెనక్కి వస్తోంది. గొట్టం అతుకు దగ్గర పొగ పక్కకు ఎగిరితే అక్కడ గాలి కారుతోంది. ఆ ఫ్లాట్‌లో రెండూ కనిపించాయి. గరాటు అతుకులోంచి కారిన మిర్చి ఘాటు యుటిలిటీలో నిండి, తలుపులోంచి తిరిగి వంటింట్లోకే వస్తోంది.

కన్నం కొలత ఎక్కడ తప్పుతుంది

ఎనిమిదంగుళాల ఫ్యాన్ అంటే ఎనిమిదంగుళాలు కొట్టాలని మేస్త్రి అనుకుంటాడు. ఆ అంకె రెక్కలు తిరిగే వృత్తం వ్యాసానిది, చట్రానిది కాదు. గోడలో పట్టే చట్రం దానికంటే పెద్దది, కంపెనీని బట్టి మోడల్‌ని బట్టి మారుతుంది. కాబట్టి ఫ్యాన్ చేతికొచ్చాకే గోడ కొట్టించండి. డబ్బాలో వచ్చే కాగితం మీద కటౌట్ కొలత ఉంటుంది. నేను దాన్ని నమ్మి కూడా, ఫ్యాన్ వెనక భాగాన్ని అట్ట మీద పెట్టి పెన్సిల్‌తో గీసుకుంటాను. చుట్టూ మూడు మిల్లీమీటర్లు వదిలి అట్ట కత్తిరించి, గోడకు టేపుతో అంటించి, మట్టం పెట్టి చూశాకే గీత గీస్తాను. కొట్టే ముందు అది బీమో, స్తంభమో, కిటికీ పైని లింటెలో కాదని తేల్చుకోవాలి. ఇటుక గోడ అయితేనే ముట్టుకోండి.

ఆ ఫ్లాట్‌లో చట్రానికి కావాల్సింది పదంగుళాల లోపే. కన్నం పదకొండున్నర ఉంది. మిగిలిన సందులో థర్మాకోల్ ముక్కలు, పాత పేపరు కుక్కి పైన పుట్టీ రాశారు. రెండేళ్లకు నూనె ఆవిరికి థర్మాకోల్ కుంచించుకుపోయింది. పొయ్యి ఉన్న గదిలో అలాంటి అంటుకునే సరుకు గోడలో కుక్కడం ప్రమాదం కూడా.

సరిచేసింది ఇలా. థర్మాకోల్ అంతా పీకేసి, అంచులు తడిపి, సిమెంటు మాలుతో కన్నాన్ని చిన్నది చేసి, లోపల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్‌తో నాలుగు పలకల ఫ్రేము కూర్చోబెట్టాం. ఫ్రేముకూ గోడకూ మధ్య సిలికాన్. ఫ్యాన్‌కూ ఫ్రేముకూ మధ్య మాత్రం సిలికాన్ పెట్టకూడదు, మెత్తటి ఫోమ్ పట్టీ అంటించి స్క్రూలతో బిగించాలి. రెండు మూడు నెలలకోసారి ఫ్యాన్ విప్పి నూనె కడగాలి కదా, సిలికాన్‌తో అతికిస్తే ఇంకెవరూ విప్పరు.

కన్నం బిగుతుగా ఉన్నా బాధే. చట్రాన్ని సుత్తితో కొట్టి దూర్చితే అది ఒంకర తిరుగుతుంది, రెక్క అంచు రింగుకు రాసుకుంటుంది. "టక టక" శబ్దానికి కారణం తరచు ఇదే. వెనక రేకుల షట్టర్ ఉన్న ఫ్యాన్‌ను తొమ్మిదంగుళాల మందపు గోడలో పెడితే ఇంకో ఇబ్బంది. రేకులు తెరుచుకునే చోట ప్లాస్టరింగ్ అంచు అడ్డుపడి సగమే లేస్తాయి. బయటినుంచి చూస్తే వెంటనే తెలుస్తుంది.

పైపు, దాని అతుకులు

నాలుగంగుళాల గొట్టం తీసేసి, ఫ్యాన్ వెడల్పుకు సమానంగా ఎనిమిదంగుళాల జీఐ రేకు పైపు పెట్టాం. యుటిలిటీని అడ్డంగా దాటి నేరుగా గ్రిల్లు వరకు, నాలుగడుగులు, ఒక్క వంపూ లేదు. గ్రిల్లులో ఆ ముక్కకు అల్యూమినియం షీటు బిగించి గుండ్రంగా కోసి పైపు చివర బయటికి తీశాం. లోపలి చివర కంటే బయటి చివర అరంగుళం కిందికి ఉండాలి. లేకపోతే వాన నీళ్లు, పైపులో చల్లబడిన ఆవిరి తిరిగి ఫ్యాన్ మోటారు మీదికి వస్తాయి. జాలీ నుంచి గోధుమరంగు జిగురు చుక్కలు పొయ్యి పక్కన పడుతున్నాయంటే, ముందు ఈ వాలునే చూడండి.

అతుకు వేసేటప్పుడు పైపు రెండు చివరలనూ గిన్నెల సబ్బు నీళ్లతో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. నూనె మీద ఏ టేపూ నిలవదు. ఫ్యాన్ వైపు ముక్క చివర బయటి వైపు ముక్కలోకి దూరాలి. క్లాంపు బిగించి, దాని మీద అల్యూమినియం ఫాయిల్ టేపు రెండు చుట్లు చుట్టి, గుడ్డతో గట్టిగా రుద్దాలి. గుడ్డ టేపు, కరెంటు టేపు వాడొద్దు. వేడికీ జిడ్డుకీ వాటి జిగురు కరిగి ఊడిపోతుంది. ముడతల గొట్టమే వాడక తప్పకపోతే, దాన్ని పూర్తిగా సాగదీసి మిగిలింది కోసేయండి. వదులుగా వేలాడితే ఆ పల్లంలో నూనె నిలుస్తుంది. బయటి చివర పావురాలు దూరకుండా జాలీ పెడతారు కదా, అది దోమల జాలీ అంత సన్నగా ఉండకూడదు. కొన్ని నెలల్లోనే జిడ్డు పట్టి మూసుకుపోతుంది.

నాలుగడుగులు దాటి వంపులతో పైపు వేయాల్సి వస్తే మామూలు రెక్కల ఫ్యాన్ మీద ఆశ పెట్టుకోవద్దు. అక్కడ బ్లోయర్ ఉన్నదే సరైనది.

సమస్య: స్విచ్ ఆపినా తుడుస్తుంటే షాక్ కొడుతోంది

స్విచ్ ఫేజ్ వైరు మీద కాకుండా న్యూట్రల్ మీద పడింది. ఫ్యాన్ ఆగుతుంది కానీ లోపల కరెంటు అలాగే ఉంటుంది. టెస్టర్ పనిచేస్తోందో లేదో ముందు మరో ప్లగ్‌లో చూసి, ఆ తర్వాత స్విచ్ ఆపి ఫ్యాన్ కనెక్టర్ దగ్గర పెట్టండి. వెలిగితే అదే లోపం. మెయిన్ దగ్గర ఎంసీబీ దించి, ఎలక్ట్రీషియన్‌తో ఫేజ్‌ను స్విచ్ మీదికి మార్పించాలి. ఇనుప బాడీ ఫ్యాన్‌కు ఎర్త్ వైరు తప్పనిసరి.

ఫ్యాన్‌ను ట్యూబ్‌లైటు స్విచ్‌కే కలిపేసిన ఇళ్లు ఎన్నో. వంటయ్యాక లైటు ఆపగానే ఫ్యానూ ఆగుతుంది, నిజానికి అది ఇంకో పది నిమిషాలు తిరగాలి. లేదా మిక్సీ ప్లగ్గులో తగిలించి వదిలేస్తారు, మిక్సీ కావాల్సినప్పుడల్లా ఫ్యాన్ పీకేస్తారు. బోర్డు నుంచి కేసింగ్‌లో ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరు వేసి, 6 ఆంపియర్ల స్విచ్ విడిగా ఇస్తే సరిపోతుంది. స్విచ్ సింకుకూ పొయ్యికీ దూరంగా, పొగ మీదుగా చేయి చాపకుండా అందేలా ఉండాలి.

ఆన్ చేస్తే గుయ్‌మని మూలిగి తిరగకపోతే, ఎంసీబీ దించి ఫ్యాన్ ఆగాక కర్రతో రెక్క తిప్పి చూడండి. బరువుగా తిరిగితే జిడ్డు, తేలిగ్గా తిరిగితే కెపాసిటర్.

గ్యాస్ వాసన వస్తే మాత్రం "ఫ్యాన్ వేసి బయటికి పంపేద్దాం" అని ఆ స్విచ్ ముట్టుకోకండి. స్విచ్‌లో వచ్చే నిప్పురవ్వ చాలు. సిలిండర్ గ్యాస్ గాలికంటే బరువు, నేల మీదే పరుచుకుంటుంది, పైనున్న ఫ్యాన్‌కు అందదు కూడా. రెగ్యులేటర్ ఆపి తలుపులు, కిటికీలు తీయండి. యుటిలిటీలోనో పక్క బాత్రూంలోనో గ్యాస్ గీజర్ ఉన్నవాళ్లు కిటికీలన్నీ మూసి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయకూడదు. గీజర్ విడిచే విషవాయువును అది ఇంట్లోకి లాగేయగలదు.

ఆ ఫ్లాట్‌లో పని అయ్యాక ఇంటావిడ మూకుడు పెట్టి ఎండుమిర్చి వేశారు. కాగితం ముక్క జాలీకి అతుక్కుని ఊడి రాలేదు. అగరబత్తి పొగ అతుకుల దగ్గర నిటారుగా లేచింది. ఫ్యాన్ మాత్రం పాతదే.