డోర్‌బెల్ యాప్ చైనీస్‌లో తెరుచుకుంటే: అలర్ట్‌లు, షేరింగ్, స్టోరేజ్ ఎక్కడ దొరుకుతాయి?

కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా, కొన్ని స్మార్ట్ డోర్‌బెల్స్ యాప్ తెరవగానే అంతా చైనీస్ అక్షరాలే కనిపిస్తాయి. బెల్ మోగుతుంది, వీడియో కూడా వస్తుంది. గుమ్మం ముందు ఎవరైనా కదిలితే అలర్ట్ రావడం, ఇంట్లో మిగతావాళ్లకు యాక్సెస్ ఇవ్వడం, రికార్డింగ్ ఎక్కడ దాచాలో చెప్పడం మాత్రం చేతికి చిక్కవు. మెనూ అమరిక ఒక్కో యాప్‌లో ఒక్కోలా ఉన్నా, ఈ మూడింటికీ వాడే మాటలు దాదాపు అవే. అక్షరాలను బొమ్మల్లా పోల్చి చూసుకుంటే చాలు.

సమస్య: భాష మార్చే చోటే దొరకడం లేదు

చాలామంది యాప్‌లోనే వెతుకుతారు. కారణం ఫోన్‌లో ఉండొచ్చు. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్ తెలుగులో ఉండి, యాప్‌లో తెలుగు లేకపోతే, యాప్ తన సొంత భాషకు వెళ్లిపోతుంది. ఆ సొంత భాష చైనీస్ అయితే అదే కనిపిస్తుంది, లోపల ఇంగ్లిష్ ఉన్నా సరే.

ఫోన్ సెట్టింగ్స్‌లో భాషల జాబితా తెరిచి, తెలుగును మొదటి స్థానంలోనే ఉంచి, రెండోదిగా ఇంగ్లిష్ చేర్చండి. యాప్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. తెలుగు దొరకనప్పుడు యాప్ ఆ రెండో భాషను చూస్తుంది. పెద్దవాళ్ల ఫోన్ తెలుగులోనే ఉంటుంది కాబట్టి వాళ్లకు కొత్త ఇబ్బందేమీ ఉండదు.

అలా కుదరకపోతే యాప్ అడుగు వరుసలో కుడి చివర ఉండే 我的 నొక్కండి. అది మీ ఖాతా పేజీ. అందులో 设置 అంటే సెట్టింగ్స్, దానిలోపల 语言 లేదా 多语言 అంటే భాష. అక్కడా ఇంగ్లిష్ లేకపోతే చైనీస్ మెనూతోనే పని నడపాలి. ప్రతి పేజీకీ స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో అనువదించి చూడండి. కానీ ఏదైనా నొక్కే ముందు కింద చెప్పిన అక్షరాలతో సరిపోల్చుకోండి.

సమస్య: అలర్ట్‌లు రావు, లేదా రావలసిన వేళకు రావు

డోర్‌బెల్ వీడియో పేజీలో పైన కుడివైపు మూడు చుక్కలో, పెన్సిల్ గుర్తో, పళ్ల చక్రమో ఉంటుంది. అలర్ట్ సెట్టింగ్స్ అక్కడి నుంచే మొదలవుతాయి. 移动侦测 అంటే కదలికను గుర్తించడం. బ్యాటరీతో నడిచే వాటిలో దీని బదులు 人体感应 ఉండొచ్చు. 灵敏度 అంటే సెన్సిటివిటీ; దాని కింద 高 ఎక్కువ, 中 మధ్యస్థం, 低 తక్కువ. 消息推送 అంటే ఫోన్‌కు అలర్ట్ పంపడం. గుర్తించడం, పంపడం వేర్వేరు స్విచ్‌లు. మొదటిది ఒక్కటే ఆన్ చేస్తే కదలికలు యాప్‌లో నమోదవుతాయి గానీ ఫోన్ మోగదు.

రెండూ ఆన్‌లో ఉన్నా ఫోన్ మోగకపోతే ఈ పరీక్ష చేయండి. యాప్ తెరిచి ఉంచి గుమ్మం ముందు నడవండి. అప్పుడు అలర్ట్ వచ్చి, యాప్ మూసి గంటసేపు వదిలేశాక రాకపోతే, బ్యాటరీ ఆదా కోసం ఫోనే యాప్‌ను ఆపేస్తోందన్నమాట. ఫోన్‌లో ఆ యాప్ బ్యాటరీ సెట్టింగ్‌ను అన్‌రిస్ట్రిక్టెడ్‌కు మార్చండి, ఆటోస్టార్ట్ ఉంటే అదీ ఆన్ చేయండి.

అసలు చిక్కు తెచ్చేది మాత్రం టైమ్ జోన్. మియాపూర్‌లో ఒక ఫ్లాట్ అనుకుందాం. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకే అలర్ట్‌లు రావాలని 22:00–06:00 పెట్టారు. సాయంత్రం ఏడున్నర దాటగానే కారిడార్‌లో ఆడుకునే పిల్లల వల్ల ఫోన్ మోగుతూనే ఉంటుంది. నాలుగున్నరకు పాల ప్యాకెట్లు వేసే అబ్బాయి వచ్చి వెళ్లినా చడీచప్పుడు ఉండదు. సెన్సర్ పాడైందనుకుని సెన్సిటివిటీ పెంచితే సాయంత్రం గోల ఇంకా పెరుగుతుంది.

డోర్‌బెల్ బీజింగ్ సమయంలో ఉండటమే దీనికి కారణం. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. దాని లెక్కలో 22:00 అయ్యేసరికి హైదరాబాద్‌లో 7:30. దాని 06:00 మనకు తెల్లవారుజాము 3:30. తేల్చుకోవడం తేలికే: లైవ్ వీడియో మూలన కనిపించే సమయాన్ని ఫోన్ గడియారంతో పోల్చండి. సరిగ్గా రెండున్నర గంటలు ముందుంటే సమస్య ఇదే.

సెట్టింగ్స్‌లో 时区 తెరిచి +05:30 ఉన్న వరుసను ఎంచుకోండి. ఊరి పేర్లే ఉంటే 新德里 ఢిల్లీ, 加尔各答 కోల్‌కతా, ఏదైనా పనికొస్తుంది. టైమ్ జోన్ మెనూయే లేకపోతే వేళలనే రెండున్నర గంటలు జరపాలి: 22:00–06:00 బదులు 00:30–08:30 పెడితే మన రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు సరిపోతుంది.

సమస్య: ఇంట్లో వాళ్లకు షేర్ చేస్తే ఖాతా లేదంటోంది

షేరింగ్ మెనూ 共享设备 లేదా 设备共享 పేరుతో ఉంటుంది, డోర్‌బెల్ సెట్టింగ్స్‌లోనో 我的 పేజీలోనో. అమెరికాలో ఉన్న అబ్బాయి నంబరు కొడితే 账号不存在, అంటే అలాంటి ఖాతా లేదు అని వస్తుంది. అతను యాప్ వేసుకుని లాగిన్ అయ్యే ఉంటాడు. కానీ ఇలాంటి యాప్‌లలో చాలావాటికి ప్రాంతాన్ని బట్టి సర్వర్లు వేరు. ఖాతా తెరిచేటప్పుడు ఎంచుకున్న దేశమే లెక్క. ఇప్పుడు మనిషి ఎక్కడున్నాడన్నది కాదు. మీ ఖాతా ఏ దేశంతో తెరిచారో 我的 పేజీలో ఖాతా వివరాల దగ్గర 地区 లేదా 国家 పక్కన చూడండి. అబ్బాయి అదే దేశం ఎంచుకుని, ఈమెయిల్‌తో కొత్త ఖాతా తెరిస్తే షేరింగ్ కుదురుతుంది.

మీ పాస్‌వర్డే ఇచ్చి ఆ గొడవ తప్పించుకోవాలని చూడకండి. అలా లాగిన్ అయినవాళ్లు పొరపాటున 删除设备 నొక్కితే డోర్‌బెల్ మీ ఖాతా నుంచే తొలగిపోతుంది, మళ్లీ మొదటి నుంచి కలపాలి. పేజీ అడుగున ఎర్ర అక్షరాల్లో ఉండేది తరచూ ఇదే. షేరింగ్ మాత్రమే తీసేయాలంటే 取消共享 నొక్కాలి.

సమస్య: అలర్ట్ నొక్కితే వీడియో బదులు డబ్బులు అడుగుతోంది

అది 云存储, క్లౌడ్ స్టోరేజ్ పేజీ. 购买 లేదా 开通 అన్న బటన్లు కొనడానికి. 自动续费 పక్కన టిక్ ఉంటే గడువు తీరగానే మళ్లీ డబ్బు కట్ అవుతుంది. డోర్‌బెల్‌లో మెమరీ కార్డు స్లాట్ ఉంటే దీని అవసరం చాలా ఇళ్లకు లేదు. అయితే తలుపు బయట ఉన్న యూనిట్‌లోనే కార్డు ఉంటే, దాన్ని ఎవరైనా ఊడబీక్కుపోతే రికార్డింగ్ కూడా వాళ్లతోనే పోతుంది. అలాంటప్పుడు క్లౌడ్‌కు డబ్బు పెట్టడంలో అర్థముంది.

కార్డు సంగతులు 存储设置 లేదా 存储卡 కింద ఉంటాయి. కార్డు వేసినా 异常 అని చూపిస్తే డోర్‌బెల్ దాన్ని చదవలేకపోతోంది. 64 జీబీ, అంతకు మించిన కార్డులు సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో వస్తాయి. చాలా డోర్‌బెల్స్ ఫ్యాట్32 అడుగుతాయి. డోర్‌బెల్ పెట్టె మీద ఎన్ని జీబీల దాకా తీసుకుంటుందో చూసి, ఆ లోపు కార్డే వేయండి. ఆపైన యాప్‌లోనే 格式化 నొక్కి ఫార్మాట్ చేయండి. దీంతో కార్డులో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి పాత కార్డయితే ముందే కాపీ తీసుకోండి. 正常 అని వస్తే కార్డు బాగున్నట్టే.

ఆ తర్వాత 循环录像 ఆన్ చేయండి. కార్డు నిండాక పాతవి చెరిపి కొత్తవి రాసుకునే ఏర్పాటు ఇది. చివరగా గుమ్మం ముందు ఒకసారి నడిచి, ఒకట్రెండు నిమిషాలాగి, 回放 తెరిచి ఆ వీడియో ఉందో లేదో చూడండి. కార్డు 正常 అంటున్నా అక్కడ ఏమీ లేకపోతే కార్డు రికార్డింగ్ స్విచ్ ఆఫ్‌లో ఉన్నట్టే. అది అదే 存储设置 పేజీలో, 录像 అన్న అక్షరాల పక్కన ఉంటుంది.