షుగర్ ఎప్పటి నుంచి అని అడిగితే

హెల్త్ ఇన్సూరెన్స్ క్లెయిమ్ వేశాక కంపెనీ ఇన్వెస్టిగేటర్ ఇంటికొస్తే టెన్షన్ పడకండి. ముందు ఐడీ కార్డు, కంపెనీ ఇచ్చిన లెటర్ చూపించమనండి. ఆయన ముఖ్యంగా చూసేది, పాలసీకి ముందే జబ్బు ఉందా అని.

తిరుపతిలో మా పిన్నిని "షుగర్ ఎన్నేళ్లుగా ఉందమ్మా?" అని అడిగారు. "ఐదారేళ్లు ఉంటుందేమో" అనేసింది. పాలసీ తీసుకుని మూడేళ్లే. నిజానికి షుగర్ బయటపడింది రెండేళ్ల కిందట! ఆ మొదటి ల్యాబ్ రిపోర్టు కాపీ జతచేసి, సరైన తేదీతో లెటర్ రాసిచ్చాం.

అందుకే అంచనాగా చెప్పొద్దు. ఫోన్‌లో అడిగినా "రిపోర్టు చూసి చెప్తానండీ" అనండి, తప్పేం లేదు. ఉన్న జబ్బు మాత్రం దాచొద్దు. డిశ్చార్జ్ సమ్మరీలోనూ ఏళ్లు సరిగ్గా రాశారో లేదో చూసుకోండి. ఇన్వెస్టిగేటర్ రాసుకున్న స్టేట్‌మెంట్ పూర్తిగా చదివాకే సంతకం పెట్టి, దాని ఫోటో తీసుకోండి. ఖాళీ కాగితం మీద సంతకం అస్సలు వద్దు.