ఫొటోలోని పౌనఃపున్య పట్టిక: సగటు సరిపోయి, ప్రామాణిక విచలనం తేడా వస్తే

అనంతపురం వైపు సెనక్కాయ చేలో 40 చెట్లు పీకి, చెట్టుకెన్ని కాయలో లెక్కబెట్టి వేసిన పట్టిక ఫోన్ ఫొటోలో ఉందనుకుందాం. దాన్ని కాగితం మీదకు ఎక్కిస్తే సరైన లెక్క ఇలా ఉంటుంది. x అంటే తరగతి మధ్య విలువ, f అంటే పౌనఃపున్యం.

| కాయలు | x | f | fx | fx² |
|---|---|---|---|---|
| 0–10 | 5 | 4 | 20 | 100 |
| 10–20 | 15 | 10 | 150 | 2250 |
| 20–30 | 25 | 14 | 350 | 8750 |
| 30–40 | 35 | 8 | 280 | 9800 |
| 40–50 | 45 | 4 | 180 | 8100 |
| మొత్తం | | 40 | 980 | 29000 |

సగటు = 980 ÷ 40 = 24.5
విస్తృతి = 29000 ÷ 40 − 24.5² = 725 − 600.25 = 124.75
ప్రామాణిక విచలనం = √124.75 ≈ 11.17

సమస్య: సగటు దాదాపు సరిపోయింది, ప్రామాణిక విచలనం మాత్రం 11.61 వచ్చింది

ఫొటో మసకగా ఉంటే 14లోని 4 ఒకటిలా కనబడి 11 అని రాసేస్తాం. అప్పుడు సగటు 905 ÷ 37, అంటే 24.46. అసలు సగటుకు ఇంత దగ్గరగా ఉంటే ఎవరికీ అనుమానం రాదు. తప్పు పడిన తరగతి మధ్య విలువ 25, సగటు పక్కనే ఉంది కాబట్టి అక్కడ మూడు చెట్లు తగ్గినా సగటు పెద్దగా కదలదు. నడిమి చెట్లు తగ్గాయి కాబట్టి అంచుల్లో ఉన్నవాటి బరువు పెరిగి, విస్తృతి 134.84కు ఎక్కుతుంది.

అందుకే x జోలికి పోకముందే f నిలువు వరుస కూడాలి. చెట్లు 40 అని ప్రశ్నలోనే ఉంటే, 37 రాగానే ఆగి ఫొటోను పెద్దది చేసి చూడాలి. మొత్తం ఎక్కడా ఇవ్వకపోతే, అనుమానమున్న అంకెను తేల్చుకోవడానికి ఇంకో ఫొటో తీయించుకోవడమే మేలు. ఊహించి రాస్తే తర్వాతి పనంతా వృథా.

సమస్య: విస్తృతి మైనస్‌లో వచ్చింది

విస్తృతి అంటే సగటు నుంచి దూరాల వర్గాల సగటు. దానికి మైనస్ గుర్తు రానే రాదు, కాబట్టి తప్పు కచ్చితంగా లెక్కలోనే ఉంది. ఎక్కువగా జరిగేది x²ను fతో గుణించకుండానే కూడేయడం: 4125 ÷ 40 − 600.25 ≈ −497. చివరి నిలువు వరుసలో మొదటి అడ్డువరుసకు 25 ఉందా, 100 ఉందా చూస్తే తెలిసిపోతుంది.

సమస్య: ప్రామాణిక విచలనం 76 వచ్చింది

ఇది దానికి తిరగేసిన తప్పు. fxను మొత్తంగా వర్గం చేస్తే 20 కాస్తా 400 అవుతుంది. కాయలే 50 దాటనప్పుడు విచలనం 76 ఎలా అవుతుంది? మధ్య విలువలు 5 నుంచి 45 వరకే ఉన్నాయి కాబట్టి, అది ఆ దూరంలో సగాన్ని, అంటే 20ని దాటదు. fx² రాయాలంటే fx గడిని ఇంకోసారి xతో గుణిస్తే చాలు: 20 × 5 = 100.

సమస్య: విస్తృతికి జవాబు 127.95 అని ఇచ్చారు

ఇందులో తప్పు ఎవరిదీ కాదు. సగటు నుంచి దూరాల వర్గాల మొత్తం 124.75 × 40 = 4990. దాన్ని 40కి బదులు 39తో భాగించారు. ఆ 40 చెట్లను చేను మొత్తానికి నమూనాగా తీసుకుంటే 39, వాటి గురించే అడిగితే 40. ప్రశ్నలో నమూనా అన్న మాట లేకపోతే మన పాఠ్యపుస్తకాల పద్ధతి 40తో భాగించడమే.