గడ్డం ఒకచోట మాత్రమే నెరిస్తే ఏం చేయాలి?

రోజూ గీసుకునే వారికి గడ్డంలోని నెరుపు పెద్దగా కనిపించదు. అయ్యప్ప మాల వేసుకుని మండలం, అంటే 41 రోజులు, క్షవరం మానేసినప్పుడు చాలామంది దాన్ని మొదటిసారి గమనిస్తారు. గడ్డం రోజుకు సుమారు 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు పెరుగుతుంది కాబట్టి మాల తీసే నాటికి వెంట్రుకలు 12 నుంచి 16 మిల్లీమీటర్ల పొడవు ఉంటాయి. చెంపలు, మీసం నల్లగా ఉండి, చుబుకానికి ఇరువైపులా మాత్రం తెల్లని పాయలు దిగిన నలభై రెండేళ్ల వ్యక్తిని ఉదాహరణగా తీసుకుని, అతని ముందున్న మూడు దారులను వరుసగా చూద్దాం.

మొదట చర్మాన్ని చూడండి

వెంట్రుకకు నలుపునిచ్చే మెలనిన్ కుదుళ్లలోని కణాల్లో తయారవుతుంది. ఆ కణాలు అన్నిచోట్లా ఒకేసారి పని మానవు కాబట్టి నెరుపు ముందు ఒకచోట, తర్వాత మరొకచోట వస్తుంది. ఇలా వయసుతో వచ్చే నెరుపులో తెల్ల వెంట్రుకల మధ్య కొన్ని నల్లవి మిగిలి ఉంటాయి, కింది చర్మం రంగు మారదు. అలా కాక, గీత గీసినట్టు స్పష్టమైన అంచుతో కొద్ది వారాల్లోనే ఒక చోటు తెల్లబడినా, అక్కడి చర్మం కూడా పాలిపోయినా బొల్లి కావచ్చు. గుండ్రంగా వెంట్రుకలు ఊడిపోయి, ఆ ఖాళీలో తెల్లవి మొలుస్తుంటే అది పేనుకొరుకుడు కావచ్చు. ఈ రెండింటిలో ఏది అనిపించినా కత్తెర, రంగు పక్కన పెట్టి చర్మవ్యాధుల వైద్యుడికి చూపించాలి.

తెల్ల వెంట్రుకలను పీకడం ఎవరికీ మంచిది కాదు. అదే కుదురు నుంచి మళ్లీ తెల్లదే వస్తుంది, పీకిన చోట చీముపొక్కు లేవవచ్చు, కొత్త వెంట్రుక చర్మంలోపలికే తిరిగి పెరగవచ్చు.

అలాగే ఉంచాలనుకుంటే

నెరుపు రెండు వైపులా దాదాపు సమానంగా ఉన్నప్పుడు నా మొదటి సలహా ఇదే. మన ఉదాహరణలోని వ్యక్తికి ఇది బాగా నప్పుతుంది. అయితే వదిలేయడమంటే పట్టించుకోకపోవడం కాదు. తెల్ల వెంట్రుకలు చాలామందికి మొరటుగా ఉండి పక్కకు లేస్తాయి కాబట్టి స్నానం తర్వాత రెండు మూడు చుక్కల కొబ్బరినూనె అరచేతుల్లో రుద్దుకుని గడ్డానికి పట్టించి, కిందికి దువ్వాలి. మెడ మీది గీతను, చెంపల మీది గీతను శుభ్రంగా ఉంచాలి. అంచులు చెదిరి ఉంటే ఎంత అందమైన నెరుపైనా నిర్లక్ష్యంగానే కనిపిస్తుంది.

చుట్టూ కత్తిరించాలనుకుంటే

నల్లని ఒత్తైన వెంట్రుకల పక్కన ఉండడం వల్లనే నెరుపు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కాబట్టి ఇక్కడ చేయవలసిన పని ఆ తేడాను తగ్గించడమే. గడ్డాన్ని కడిగి, పూర్తిగా ఆరబెట్టి, దువ్విన తర్వాతే ట్రిమ్మర్ పట్టాలి, ఎందుకంటే తడి వెంట్రుక పొడవుగా సాగి, ఆరాక అనుకున్నదానికన్నా పొట్టిగా తేలుతుంది.

చుబుకం మీద నెరిసిన వారు చెంపలను 5 లేదా 6 మిల్లీమీటర్ల గార్డుతో తగ్గించి, చుబుకం దగ్గర 9 మిల్లీమీటర్లు ఉంచితే సరిపోతుంది. చెంపల మీది నలుపు పలచబడి కింది చర్మం కొద్దిగా కనిపిస్తుంది కాబట్టి, నెరుపు అతికించినట్టు కాకుండా గడ్డం ఆకారంలో భాగమైనట్టు ఉంటుంది. రెండు పొడవులు కలిసే చోట మధ్య కొలత గార్డును, ఉదాహరణకు 7 మిల్లీమీటర్లది, పైకి తేలుస్తూ ఒకసారి నడిపిస్తే మెట్టు పడదు.

ఒక చెంప మీద మాత్రమే నెరిసిన వారికి ఈ పద్ధతి పనికిరాదు. వారు రెండు చెంపలను సమానంగా 3 మిల్లీమీటర్లకు దించాలి. నెరిసిన చోటును మాత్రమే లోతుగా కత్తిరిస్తే అక్కడ గుంట పడినట్టు కనిపిస్తుంది, దూరం నుంచి చూసేవారి కంటికి ముందు ఆ గుంటే తగులుతుంది. నెరుపు చెంప గీతకు ఆనుకుని ఉంటే మాత్రం పని తేలిక. రెండు వైపులా గీతను కొద్దిగా కిందికి జరిపితే అది తొలగిపోతుంది.

రంగు వేయాలనుకుంటే

ఈ దారిలో ఎక్కువ జాగ్రత్త అవసరం. నల్లరంగు ప్యాకెట్లలో చాలావాటిలో పారాఫినైలిన్ డయమైన్ అనే రసాయనం ఉంటుంది. ఇది కొందరికి ముఖం ఉబ్బేంత తీవ్రమైన అలర్జీ కలిగిస్తుంది, ఒకసారి వచ్చిన అలర్జీ సాధారణంగా జీవితాంతం ఉంటుంది. అమ్మోనియా లేదని రాసి ఉన్నంత మాత్రాన ఈ రసాయనం లేనట్టు కాదు. నల్ల గోరింటాకు పేరుతో అమ్మే పొడుల్లోనూ ఇది ఉండవచ్చు. కాబట్టి 48 గంటల ముందే కొద్దిగా కలిపిన రంగును చెవి వెనుక లేదా మోచేతి మడతలో, ప్యాకెట్ మీద చెప్పినట్టు పరీక్షించాలి. దురద, ఎరుపు, వాపు, వీటిలో ఏది కనిపించినా ఆ రంగు వాడకూడదు.

గడ్డాన్ని ఒకరోజు ముందే కత్తిరించి ఉంచుకోవాలి, అప్పుడే గీసిన చర్మం మీద రంగు మండుతుంది. తలవెంట్రుకలు కటిక నలుపుగా ఉన్నా గడ్డానికి ముదురు గోధుమ రంగునే ఎంచుకోవడం మేలు. ఎండలో చూస్తే చాలామంది గడ్డం తలకన్నా కొంచెం లేతగా ఉంటుంది, అందుకే కటిక నలుపు వేస్తే మసి పూసినట్టు తేలిపోతుంది.

పెదవులకు, చెంప గీత పైభాగానికి పలుచగా వాజిలిన్ రాయాలి కానీ రంగు పడవలసిన వెంట్రుకలకు అది తగలనీయకూడదు. చేతి తొడుగులు వేసుకుని, ప్యాకెట్ మీద ఉన్న పాళ్లలోనే, అయితే ఒక చెంచాకు మించకుండా కలపాలి. పాత టూత్‌బ్రష్ కొసతో రంగు తీసుకుని నెరిసిన పాయకు మాత్రమే, ముందు కింది నుంచి పైకి, తర్వాత పై నుంచి కిందికి పట్టించాలి. చుట్టూ ఉన్న నల్ల వెంట్రుకలకు పూయనవసరం లేదు. ఐదు నిమిషాలకు ఒక చిన్న చోట తడి దూదితో తుడిచి చూడాలి, ఇంకా లేతగా ఉంటే మరి రెండు నిమిషాలు ఆగాలి కానీ ప్యాకెట్ మీద రాసిన గడువు దాటకూడదు. అక్కడక్కడా కొన్ని తెల్ల వెంట్రుకలు మిగిలిపోతే వాటిని వదిలేయండి, గడ్డం సహజంగా కనిపించేది వాటి వల్లనే. కడిగేటప్పుడు నీళ్లు రంగు లేకుండా వచ్చేదాకా కడగాలి. మిగిలిన రంగును పారేసి, ప్యాకెట్‌ను పిల్లలకు అందని చోట పెట్టాలి, ఎందుకంటే ఇది కడుపులోకి వెళితే ప్రాణాంతకం కావచ్చు.

అలర్జీ ఉన్నవారు స్వచ్ఛమైన గోరింటాకు పొడి వాడవచ్చు, దాన్నీ ముందు పరీక్షించుకోవాలి. అయితే తెల్ల వెంట్రుక మీద ఒక్క గోరింటాకే వేస్తే నారింజ రంగు వస్తుంది. దాన్ని కడిగేశాక నీలి ఆకు పొడిని నీళ్లలో కలిపి, ఆలస్యం చేయకుండా పట్టించి గంటసేపు ఉంచితే ముదురు గోధుమ లేదా నలుపు రంగుకు మారుతుంది, అసలు రంగు తేలడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఈ రెండూ చర్మానికీ అంటుతాయి కాబట్టి ముఖ్యమైన కార్యానికి రెండు రోజుల ముందే ఈ పని ముగించుకోవాలి.

రంగు ఎంతకాలం నిలుస్తుందో గడ్డం పొడవును బట్టి లెక్కవేసుకోవచ్చు. పది రోజుల్లో కుదుళ్ల దగ్గర 3 నుంచి 4 మిల్లీమీటర్ల తెలుపు బయటపడుతుంది. 15 మిల్లీమీటర్ల గడ్డంలో పై వెంట్రుకలు దాన్ని కొంతవరకు కప్పుతాయి కానీ, 3 మిల్లీమీటర్ల గడ్డంలో ఆ పాటికి రంగు వేసిన భాగమంతా ట్రిమ్మర్‌కే పోతుంది. అందుకే పొట్టిగా ఉంచుకునే వారికి రంగు శ్రమకు తగిన ఫలితం ఇవ్వదు. పొడవుగా పెంచి రంగు వేస్తున్నవారు మానేయాలనుకుంటే గడ్డాన్ని ఒకసారి 3 మిల్లీమీటర్లకు దించి పది రోజులు అదే పొడవులో ఉంచుకుంటే చాలు, రంగు మిగలదు.