రెండర్ చూసి సెంట్రింగ్ కొట్టిండ్రు: ఏఐ బొమ్మ మీద లేబుల్ ఎట్ల వెయ్యాలె

హన్మకొండ దిక్కు ఇండ్ల ప్లాన్లు గీస్త నేను. ఏడాదిన్నర సంది ఎలివేషన్ బొమ్మలు ఏఐతోనే తీస్తున్న, స్కెచప్‌ల తెల్ల మోడల్ పెట్టి దాని మీద రెండర్, అంటే కట్టినంక ఇల్లు ఎట్ల కనవడ్తదో చూపే ఫొటో లాంటి బొమ్మ, చేయించుడు, పది నిమిషాల పని. బొమ్మ మస్తుగ వస్తది, అసలు తిప్పలంతా గక్కడనే ఉంది, ఎందుకంటే ఫొటో లెక్క కొడితే జనం ఫొటో అనే నమ్ముతరు.

సమస్య: మేస్త్రి డ్రాయింగ్ పక్కన పెట్టి రెండర్ చూసి కడుతుండు

ఒక ఓనర్‌ది 30 బై 60 ప్లాటు, 200 గజాలు, తూర్పు ముఖం, జీ ప్లస్ వన్. డ్రాయింగ్‌ల పైఅంతస్తు ముందు బాల్కనీ 3 అడుగులు. ఏఐ ఏం చేసిందంటే దాన్ని ముందుకు లాగి, మూల గుండ్రంగ తిప్పి, పోర్టికో మూలకు ఉన్న పిల్లర్‌ను మాయం చేసింది. నేను చూసిన, కానీ "ఊకె లుక్ కోసమే కదా" అని పంపిన. ఓనర్ అది మేస్త్రికి వాట్సాప్ కొట్టిండు. మేస్త్రి తెలివైనోడే, తలుపు 7 అడుగులు ఉంటది కదా అని బొమ్మల తలుపు ఎత్తును కొలకర్ర చేసుకొని బాల్కనీ 5 అడుగులు అని తేల్చి సెంట్రింగ్ కొట్టిపిచ్చిండు. సీకు కట్టేటాయన నాకు ఫోన్ చేసి "సార్, 5 అడుగులకు పైరాడ్ ఎంత పెట్టాలె, మీ షీట్ల 3 అడుగులకే ఉంది" అని అడిగినందుకు బతికినం, స్లాబ్ ఇంక రెండు రోజులల్ల ఉండె.

3 నుంచి 5 అంటే రెండడుగులే కదా అనిపిస్తది. కానీ బయటికి వేలాడే స్లాబ్‌ల వంపు బలం పొడుగు వర్గం లెక్కన పెరుగుతది, 5 స్క్వేర్ 25, 3 స్క్వేర్ 9, అంటే దగ్గర దగ్గర 2.8 రెట్లు, ఇంక అంచు మీద పిట్టగోడ బరువు వేరే. పైగా శాంక్షన్ ప్లాన్‌ల బాల్కనీ అంచు సరిగ్గ సెట్‌బ్యాక్, అంటే ఖాళీగ వదలాల్సిన జాగ, గీత మీద ఉంది, కాబట్టి ఆ రెండడుగులు గీత దాటినట్టే.

కారణం

నేను లేబుల్ వెయ్యలేదా అంటే వేసిన. మూడు తప్పులు చేసిన. మొదటిది, ఇంగ్లీష్‌ల సన్నగ కింద మూలకు వేసిన, ఓనర్ స్టేటస్ పెట్టుకునేటందుకు క్రాప్ చేస్తే అది పోయింది. రెండోది, సైజు. నా బొమ్మ 3840 పిక్సెల్ వెడల్పు, అక్షరం 24 పిక్సెల్. వాట్సాప్‌ల మామూలు క్వాలిటీల పంపితే 1600 దగ్గరికి కుదిస్తది, అప్పుడు 24 కాస్త 10 అయితది, ఫోన్ స్క్రీన్ల అది చీమల బారు తప్ప అక్షరం కాదు. మూడోది, "మార్పులు ఉండవచ్చు" అని రాసి ఊరుకున్న. అది చదివినా మేస్త్రికి ఏం తెలుస్తది? ఏది నమ్మాలె, ఏది వద్దు, కొలత ఎక్కడ దొరుకుతది అన్నది లేదు.

కొందరు ఫైల్ ప్రాపర్టీస్‌ల ఏఐ అని రాసి పెడుతరు, అది ఫొటో లెక్క ఫార్వర్డ్ అయినప్పుడు వాట్సాప్‌లనే ఊడిపోతది. మెసేజ్ కింద రాసే క్యాప్షన్ మీద భరోసా పెట్టుకున్నా అంతే, బొమ్మ ఒక దిక్కు పోతది, మాట ఒక దిక్కు పోతది.

పరిష్కారం

లేబుల్ బొమ్మ లోపలనే, బిల్డింగ్ మీదనే పడాలె, తీసేస్తే ఇల్లు కూడా కోసుకపోయేటట్టు. నేను గేటు, కాంపౌండ్ గోడ మీదుగ అడ్డంగ నల్ల పట్టీ, సగం పారదర్శకం, తెల్ల అక్షరం 70 పిక్సెల్ వేస్తున్న, కుదిస్తే 29 వస్తది, చదవొస్తది. మాట ఇది:

"ఊహాచిత్రం మాత్రమే. కట్టడానికి, పర్మిషన్‌కు పనికిరాదు. కొలతలు A-201 R2 డ్రాయింగ్‌లోవే. చెట్లు, రోడ్డు, లైట్లు, రంగులు కల్పితం."

డ్రాయింగ్ నంబర్, రివిజన్ రాయుడు ముఖ్యం. డ్రాయింగ్ R3 అయిందంటే R2 అని ఉన్న బొమ్మ పాతదని సైట్ల ఎవరికైనా తెలుస్తది.

పట్టీని ఒక్కసారి ఇంక్‌స్కేప్‌ల చేసి పీఎన్‌జీ పెట్టుకున్న, అక్కడ ఒత్తులు సక్కగ వస్తయి. ఫొటోషాప్‌ల టైప్ సెట్టింగ్స్ మార్చకపోతే ఒత్తు విడిపోయి "చిత్రం" కూడా వేరే తీరు అచ్చయితది, మస్తు మంది అందుకే విసిగి ఇంగ్లీష్‌ల రాస్తరు. తర్వాత ఇమేజ్‌మ్యాజిక్‌ల ఒక్క లైన్:

```
magick render.png label.png -gravity south -geometry +0+300 -composite V-03_R2.jpg
```

300 అన్నది కింది అంచు నుంచి పైకి జరుపుడు, మీ బొమ్మల గోడ ఎక్కడ ఉంటే అక్కడికి మార్చుకోర్రి. లేబుల్ లేని ఒరిజినల్ బయటికి పంపొద్దు, ఓనర్ "అన్నా ఆ పట్టీ తీసి ఒకటి పంపరాదే, గృహప్రవేశం కార్డుకు" అని అడుగుతడు, నేను కార్డుకు కూడా "ఊహాచిత్రం" అని చిన్నగ ఉంచే ఇస్తున్న.

లేబుల్‌తోని కాని పని కూడా ఉంది. పిల్లర్ మాయమైతే, కిటికీ కొత్తది మొలిస్తే దానికి పట్టీ వేసి పంపుడు కాదు, ఆ బొమ్మే పంపొద్దు. పంపే ముందు తెల్ల మోడల్‌ను రెండర్ మీద సగం పారదర్శకంగ పరిచి చూడాలె: పిల్లర్లు, ఓపెనింగులు, స్లాబ్ అంచులు, మెట్లు. ఈ నాలుగు కలిస్తే చాలు, మిగతాది లేబుల్ చూసుకుంటది.

సమస్య: పర్మిషన్ ఆఫీసుల రెండర్‌ను డ్రాయింగ్ లెక్క చదువుతుండ్రు

ఇది కూడా నాకే అయింది. రెండర్‌ను అదే టైటిల్ బ్లాక్‌ల, A-205 అని నంబర్ వేసి, టెంప్లేట్‌ల ఉన్న "స్కేల్ 1:100" తీయకుండ, నా స్టాంపుతో సహా పీడీఎఫ్ సెట్ల కలిపిన. చూసినాయన "బాల్కనీ ఈ షీట్ల ఒక తీరు, ఆ షీట్ల ఒక తీరు ఉంది, ఏది కరెక్ట్" అన్నడు. ఆయన తప్పేం లేదు, స్కేల్ ఉండి సంతకం ఉన్న కాగితాన్ని ఎవరైనా డ్రాయింగే అంటరు.

పరిష్కారం సింపుల్: రెండర్లకు V సిరీస్ వేరే, ఫైల్ వేరే, స్కేల్, ఉత్తరం గుర్తు, స్టాంప్ ఏవీ ఉండొద్దు. పర్మిషన్ కోసం ఆన్‌లైన్‌ల ఎక్కించేది క్యాడ్ డ్రాయింగ్, దాని పక్కకు రెండర్ తగిలియ్యొద్దు. 600 గజాల లోపు, 10 మీటర్ల లోపు ఇండ్లకు సెల్ఫ్ సర్టిఫికేషన్ మీద వెంటనే అప్రూవల్ వస్తది కదా, అంటే ఇచ్చిన వివరాలకు బాధ్యత సంతకం పెట్టినోళ్లదే.

అపార్ట్‌మెంట్ బ్రోచర్‌కు బొమ్మ ఇస్తుంటే మాత్రం పట్టీని నమ్ముకొని నిద్రపోవొద్దు. 2016 రెరా చట్టం సెక్షన్ 12 ప్రకారం ప్రకటనల ఉన్న తప్పుడు సమాచారం నమ్మి అడ్వాన్స్ కట్టి నష్టపోయినోళ్లకు ప్రమోటర్ పరిహారం ఇవ్వాల్సి వస్తది. స్విమ్మింగ్ పూల్ ప్లాన్‌ల లేకుండ బొమ్మల పెట్టి కింద "ఊహాచిత్రం" అంటే తప్పించుకోవచ్చని నేనైతే అనుకోను, పూల్‌నే తీసేపిస్త. మొన్న ఒక బిల్డర్ "చెట్లు కల్పితం అని రాసినవ్ కదా, పూల్ కూడా అదే లైన్ల కలుపు" అన్నడు. కలపలే, బొమ్మ మళ్ళ తీసి ఇచ్చిన.