ఇంట్లో అత్యవసరం వచ్చినప్పుడు క్లయింట్‌ను గడువు అడగడం ఎలా?

విజయవాడలో ఇంటి నుంచే పని చేసే ఒక గ్రాఫిక్ డిజైనర్ ఉందనుకుందాం. హైదరాబాద్‌లోని ఒక రియల్ ఎస్టేట్ సంస్థకు ఆమె 24 పేజీల బ్రోషర్ చేస్తోంది. శుక్రవారం సాయంత్రానికి ఇవ్వాలి. 16 పేజీలు అయిపోయాయి. బుధవారం రాత్రి అమ్మను ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. శుక్రవారానికి పని పూర్తికాదని గురువారం పొద్దున్నకే తేలిపోయింది. ఇప్పుడు క్లయింట్‌కు ఏం రాయాలి, ఎంత రాయాలి?

రాసే ముందు తేదీ తేల్చుకోండి

చాలామంది ముందు మెసేజ్ పంపేసి తర్వాత తేదీ ఆలోచిస్తారు. "కొంచెం టైమ్ కావాలండీ" అని పంపితే "ఎంత?" అని వెంటనే ఫోన్ వస్తుంది. ఆసుపత్రి వరండాలో నిలబడి, అవతలివాళ్లకు నచ్చే తేదీ ఏదో ఒకటి నోటికొచ్చినట్టు చెప్పేస్తాం. అది నిలబడదు.

అందుకని పది నిమిషాలు కూర్చుని లెక్క వేయండి. మన డిజైనర్‌కు మిగిలింది 8 పేజీలు. మామూలుగా రోజుకు 4 చేస్తుంది. గురు, శుక్రవారాలు ఆసుపత్రికే పోతాయి. శనివారం నుంచి తమ్ముడు వచ్చి సాయంగా ఉంటాడు కాబట్టి రోజుకు ఒక పూట పని చేసుకోవడానికి వీలవుతుంది, అంటే రోజుకు 2 పేజీలు. అలా మంగళవారానికి పూర్తవుతుంది. సరిచూసుకోవడానికి ఇంకో రోజు కలిపితే బుధవారం. సోమవారం అని చెప్పి మళ్లీ బుధవారం దాకా అడగడం కన్నా, మొదటిసారే బుధవారం అనడం మంచిది. మొదటిసారి అడిగితే క్లయింట్ అర్థం చేసుకుంటాడు. రెండోసారి అడిగితే మాత్రం ఈ పని అసలు అవుతుందా అని అనుమానపడతాడు.

ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు లెక్క వేరు. పెద్దకర్మ ఏ రోజో ఇంటి పెద్దలు చెప్పేస్తారు, మధ్యలో పని కుదరదని మనకూ తెలుసు. అప్పుడు క్లయింట్‌కు కార్యక్రమాల వరస చెప్పనక్కర్లేదు. "ఫలానా తేదీ వరకు అందుబాటులో ఉండను, ఆ తర్వాత ఇన్ని రోజుల్లో ఇస్తాను" అంటే చాలు.

ఒప్పందం ఉంటే ఆలస్యం గురించి ఏం రాసుకున్నారో కూడా ఒకసారి చూడండి. కొన్నింటిలో రోజుకు ఇంత కోత అని ఉంటుంది. గడువు మార్పుకు రాతపూర్వక అనుమతి కావాలనీ ఉండొచ్చు.

కారణం ఒక్క వాక్యం

"మా కుటుంబంలో అత్యవసర వైద్య పరిస్థితి వచ్చింది." ఇంతే. ఎవరికి, ఏ జబ్బు, ఏ ఆసుపత్రి, ఎంత ఖర్చు అన్నవి వద్దు. ఇది దాపరికం కాదు. అమ్మ ఆరోగ్యం అమ్మ సొంత విషయం, ఆమెకు ముక్కూముఖం తెలియని కంపెనీ మెయిల్‌లో అది ఉండాల్సిన పని లేదు. పైగా ఆ మెయిల్ అక్కడితో ఆగదు. మేనేజర్ దాన్ని మార్కెటింగ్ వాళ్లకు, వాళ్లు ప్రింటర్‌కు ఫార్వర్డ్ చేస్తారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఐసీయూ, ఆపరేషన్, అప్పు అంటూ రాస్తే చదివేవాడు ముందు ఓదార్చాలి. పని మాట ఎత్తడానికి మొహమాటపడతాడు. చివరికి తేదీ తేలకుండానే ఉండిపోతుంది. రిపోర్టులు, ఫొటోలు జత చేయడం మరీ వద్దు. అడగకుండానే రుజువులు చూపిస్తే, మనల్ని నమ్మరేమోనని మనమే అనుకుంటున్నట్టు ఉంటుంది.

అలాగని "వ్యక్తిగత కారణాల వల్ల" అంటే మరీ ముక్తసరిగా ఉంటుంది. పెళ్లికి వెళ్లినా అదే మాట వాడతారు. "కుటుంబంలో అత్యవసరం" అన్న రెండు మాటలు ఉండాల్సిందే.

పంపాల్సిన మెయిల్

గురువారం పొద్దున్న మన డిజైనర్ పంపింది ఇలా ఉంటుంది:

> సబ్జెక్ట్: 24 పేజీల బ్రోషర్ – గడువు బుధవారానికి మార్చమని మనవి
>
> నమస్తే సర్,
>
> మా కుటుంబంలో అత్యవసర వైద్య పరిస్థితి వచ్చింది. అందువల్ల రేపు ఇవ్వాల్సిన బ్రోషర్‌ను వచ్చే బుధవారం సాయంత్రం 5 గంటలకు ఇవ్వడానికి ఒప్పుకోవాలని మనవి.
>
> 16 పేజీలు పూర్తయ్యాయి, పీడీఎఫ్ జత చేశాను. వీటి ప్రూఫ్ మీరు ఇప్పుడే చూడటం మొదలుపెట్టవచ్చు. మిగిలిన 8 పేజీలు బుధవారం పంపుతాను.
>
> ప్రింటింగ్ తేదీ ముందే ఖరారై ఉంటే దయచేసి ఈ రోజు సాయంత్రంలోగా చెప్పండి. దానికి తగ్గట్టు వేరే ఏర్పాటు చూద్దాం. నేను రోజూ ఉదయం 10కి, సాయంత్రం 6కి మెయిల్ చూస్తాను.
>
> ఇబ్బందికి క్షమించండి.

ఇందులో అన్నిటికన్నా పని చేసేది 16 పేజీల పీడీఎఫ్. అది చేతికి వస్తే క్లయింట్ ఈ వారం ఖాళీగా కూర్చోడు. చేసినంత ముందే ఇచ్చేస్తే, ఆలస్యం అతనికి నిజంగా తగిలేది ఆ 8 పేజీల మేరకే. మెయిల్ చూసే వేళలు చెప్పడం వల్ల ఆసుపత్రిలో ఉండగా గంటకోసారి ఫోన్ మోగదు. క్షమాపణ ఒక్కసారి చాలు.

గడువు రేపే కాబట్టి ముందు ఫోన్ చేసి రెండు మాటల్లో చెప్పి, ఆ వెంటనే మెయిల్ పంపాలి. ఫోన్‌లో "సరే అమ్మా, చూసుకో" అన్నా, వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ పెట్టినా, కొత్త తేదీకి ఒప్పుకున్నట్టు ఒక్క లైన్ రాతలో తీసుకోండి. 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలోని 63వ సెక్షన్ ప్రకారం, పని చేయించుకునే పక్షం గడువు పొడిగించవచ్చు. అయితే పొడిగించారని తర్వాత చూపించుకోవడానికి చేతిలో కాగితమో మెయిలో ఉండాలి కదా. మూడు నెలల తర్వాత బిల్లులో కోత వేసేది అకౌంట్స్ వాళ్లు, ఆ ఫోన్ సంగతి వాళ్లకు తెలియదు.

"ఏమైందమ్మా?" అని అడిగితే

మనవాళ్లు అడుగుతారు. ఎవరికి, ఏ హాస్పిటల్, మా బంధువు అక్కడే డాక్టరు అంటారు. అందులో ఎక్కువభాగం అభిమానమే, కాబట్టి ముఖం మీద తలుపు వేసినట్టు జవాబివ్వకూడదు. "అమ్మకు బాగాలేదండీ, డాక్టర్లు చూస్తున్నారు. అడిగినందుకు థాంక్స్. బుధవారం ఫైల్ మీకు చేరుతుంది" అనండి. "అమ్మకు" అని కూడా చెప్పడం ఇష్టం లేకపోతే "ఇంట్లోవాళ్లకు" అంటే సరిపోతుంది. మాట మళ్లీ ఫైల్ దగ్గరికి తేవడమే ఇక్కడ ముఖ్యం.

కుదరదంటే

మంగళవారం పొద్దున్నే ప్రింటింగ్‌కు వెళ్లాలని క్లయింట్ జవాబిచ్చాడనుకోండి. అప్పుడు ఇంకో నాలుగు ఇంటి కష్టాలు చెప్పి బతిమాలకండి, పనిలో ఏం తగ్గించవచ్చో చెప్పండి. మిగిలిన 8 పేజీల్లో నాలుగు క్లబ్‌హౌస్, పార్కు లాంటి సదుపాయాలవే అయితే, ఒక్కోదానికి విడిగా డిజైన్ చేసే బదులు నాలుగింటికీ ఒకే లేఅవుట్ వాడొచ్చు. అలా చేస్తే సోమవారం రాత్రికి ఇవ్వగలనని చెప్పవచ్చు. లేదా తెలిసిన మరో డిజైనర్‌కు అప్పగిస్తానని అడగవచ్చు. కానీ ప్లాన్లు, ధరలు ఉన్న ఫైళ్లు క్లయింట్ అనుమతి లేకుండా ఎవరికీ పంపకూడదు. ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారో కూడా అప్పుడే మాట్లాడుకోవాలి.

బుధవారం ఫైల్ పంపేటప్పుడు ఇంటి విషయం మళ్లీ ఎత్తనక్కర్లేదు. "గడువు పొడిగించినందుకు ధన్యవాదాలు. 24 పేజీల పూర్తి ఫైల్ జత చేశాను" అని రాసి పంపండి.